«నోట్లో పూస్తుంది» అంటే తెలుగులో ఏం వినిపిస్తుంది? సుజాతా భట్ కవిత మీద ఒక సందేహం

తార్నాక నుంచి:

సుజాతా భట్ ఆంగ్లంలో రాసిన «సెర్చ్ ఫర్ మై టంగ్» కవితను మా డిగ్రీ విద్యార్థుల కోసం తెలుగు చేస్తున్నాను. ఆమె 1956లో అహ్మదాబాద్‌లో పుట్టి, 1968లో కుటుంబంతో పాటు అమెరికా వెళ్లారు. ఈ కవిత 1988లో వచ్చిన «బ్రునిజెమ్» అనే ఆమె తొలి సంపుటిలో ఉంది. పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఆ పెద్ద కవితలోని ఒక భాగం మాత్రమే. ఆ భాగం ఆంగ్లంలో మొదలవుతుంది. మధ్యలో గుజరాతీ లిపిలో కొన్ని పంక్తులు వస్తాయి, ఒక్కొక్క పంక్తి కిందా దాని ఉచ్చారణ రోమన్ అక్షరాల్లో ఉంటుంది. ఆ తర్వాత కవిత మళ్లీ ఆంగ్లంలోకి వస్తుంది.

ఆంగ్లంలో నాలుకకూ భాషకూ ఒకటే మాట కాబట్టి కవిత మొత్తం ఆ మాట మీద నిలబడింది. నోట్లో రెండు నాలుకలు ఉన్నాయని, పరాయి దేశంలో ఉంటే తల్లి నాలుక కుళ్లిపోయి చివరికి ఉమ్మివేయవలసి వస్తుందని, కానీ కలలో అది తిరిగి మొలిచి, మొగ్గ తొడిగి, నోట్లో పూస్తుందని కవయిత్రి అంటుంది. తెలుగులోకి తెచ్చేసరికి నాకు మూడు చోట్ల చేయి ఆగిపోయింది. «నా నాలుక పోయింది» అంటే గాయమో జబ్బో అనిపిస్తోంది. «రెండు నాలుకలు» అంటే మాట మార్చే మనిషి గుర్తుకు వస్తున్నాడు. అన్నిటికంటే కష్టమైనది చివరి మాట. «నోట్లో పూసింది» అనగానే మన ఇళ్లలో ఎవరికైనా నోటిపూతే తోస్తుంది. కవితకు ప్రాణమైన చోట పాఠకుడికి బి-విటమిన్ మాత్రలు గుర్తుకు రావడం నాకు సమ్మతం కాదు. పెద్దలు సలహా చెప్పగలరు.

సికింద్రాబాద్ నుంచి:

ఇందులో అంత చిక్కు లేదని నా అభిప్రాయం. మధ్యలో ఉన్న గుజరాతీ పంక్తులే మూలం, ఆ తర్వాత వచ్చే ఆంగ్లం వాటికి అనువాదం. తెల్లవారి భాషలో చెప్పక తప్పని పరిస్థితిని చూపడానికి కవయిత్రి అలా అమర్చారు. కాబట్టి మీరు ఆంగ్ల భాగాన్ని తెలుగు చేస్తే చాలు, గుజరాతీని పట్టించుకోనక్కరలేదు.

కోఠి నుంచి:

అన్నగారూ, మీరు చెప్పినది సగమే నిజమని చెప్పవలసి వస్తోంది. మా ఇంట్లో మాట్లాడేది గుజరాతీ, నేను చదువుకున్నది తెలుగులో. ఆ పంక్తులను నేను చాలాసార్లు చదివాను. «ఆఖీ జీభ్ ఆఖీ భాషా», అంటే మొత్తం నాలుకనూ మొత్తం భాషనూ ఉమ్మివేశాననుకున్నాను అన్నంతవరకు రెండూ దగ్గరగానే నడుస్తాయి. అక్కడి నుంచి దారులు వేరవుతాయి. గుజరాతీలో తర్వాత ఉన్నది ఇంతే: రాత్రి కలలో నా భాష తిరిగి వస్తుంది, పువ్వులా నా భాష నా నాలుక నోట్లో విచ్చుకుంటుంది, పండులా నా భాష నా నాలుక నోట్లో పండుతుంది.

ఆంగ్లంలో ఉన్న మోడు నుంచి పుట్టిన మొలక, దాని తడి, దానికి ఏర్పడిన బలమైన నరాలు, అది రెండో నాలుకను ముడులు వేసి పక్కకు నెట్టడం, ఇవేవీ గుజరాతీలో లేవు. అసలు గుజరాతీ పంక్తుల్లో రెండో నాలుక ప్రస్తావనే రాదు. అదే విధంగా గుజరాతీలో ఉన్న పండు ఆంగ్లంలోకి రాలేదు. గుజరాతీ తెలియని పాఠకుడు కింద ఉన్న ఆంగ్లాన్ని అనువాదమనుకుని ముందుకు వెళ్లిపోతాడు. తన వెనుక ఒక పండు మిగిలిపోయిందని అతనికి తెలియదు.

తార్నాక నుంచి:

కోఠి అక్కా, ఈ పండు సంగతి నేను గమనించనే లేదు. ఇన్నాళ్లూ రోమన్ అక్షరాల్లో చదివి, శబ్దం విన్నానని తృప్తిపడి, అర్థం కోసం ఆంగ్లాన్నే నమ్ముకున్నాను.

నల్లకుంట నుంచి:

అమ్మా, మీరు తృప్తిపడిన ఆ చోటు దగ్గరే, వలస పాలన భాషల మీద వదిలిన ముద్రను వెతికే వలసానంతర పఠనం మొదలు కావాలని నాకనిపిస్తుంది. సాధారణంగా ఈ కవితను మాతృభాష గెలిచిన కథగా చెప్పి ముగిస్తారు. కానీ గెలుపూ ఓటమీ, ముడి వేయడం, నెట్టివేయడం ఆంగ్ల భాగంలో మాత్రమే ఉన్నాయి. తల్లిభాషలో మాట్లాడే కొద్ది పంక్తులసేపు కవయిత్రికి శత్రువు లేడు, పరాయి నాలుక గుర్తుకే రాదు, భాష తన ఇంటికి తాను వచ్చినట్లు వస్తుంది. మళ్లీ ఆంగ్లంలోకి రాగానే యుద్ధం మొదలవుతుంది. ఆంగ్ల పాఠకుడికి తన పోగొట్టుకోవడాన్ని వివరించవలసి వచ్చినప్పుడే ఆమె దాన్ని పోరాటంగా చెబుతున్నదని నేను చదువుకుంటాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. నాలుకా భాషా ఒకటేనన్న శ్లేష ఆంగ్లం ఇచ్చినది. గుజరాతీలో ఆమె జీభ్ అనీ భాషా అనీ రెండు మాటలు పక్కపక్కన పెట్టవలసి వచ్చింది. మాతృభాష పోయిందని దుఃఖించడానికి ఆమె ఎంచుకున్న రూపకమే పరాయి భాష సొత్తు. దీనివల్ల కవిత బలహీనపడిందని నేను అనను. ఆమె ఎంత లోతుగా ఆ రెండో భాషలో ఉండిపోయిందో ఇది చూపిస్తుంది.

ఇక మీ మొదటి చిక్కు. «నాలుక పోయింది» అన్నది తెలుగులో అసహజంగా ఉందని మీరన్నారు. మనకు సహజమైనది «మాట పడిపోయింది». కానీ అది పక్షవాతానికి వాడే మాట. కవిత మొదటి వాక్యం ఒకసారి మళ్లీ చూడండి: నాలుక పోయిందంటే ఏమిటి నీ ఉద్దేశం అని ఎవరో అడుగుతున్నారు. అంటే ఆ మాట ఎదుటివారికి అర్థం కాలేదు. తెలుగు పాఠకుడు కూడా అక్కడ ఒక క్షణం తెల్లబోతే తెల్లబోనివ్వండి. దాన్ని సవరించవద్దు.

ఉప్పల్ నుంచి:

నేను ఈ కవితను మరో విధంగా చదివాను. నాకు ఆంగ్లంతో పేచీ లేదు, నాకు రెండు నాలుకలూ తెలుగే. మాది సూర్యాపేట దగ్గర ఊరు. నగరంలో బడిలో చేరిన ఏడాది వ్యాసంలో «తొవ్వ» అని రాస్తే మా ఉపాధ్యాయురాలు ఎర్ర సిరాతో కొట్టివేసి పైన «దారి» అని రాశారు. ఆ కాగితం మా అమ్మ చాలాకాలం దాచింది. ఇప్పుడు నేను రాసే ప్రతి వాక్యం ఆ ఎర్ర సిరా తర్వాత నేర్చుకున్నదే, ఈ వాక్యంతో సహా. కల మాత్రం మా ఊరి మాటలోనే వస్తుంది. అందుచేత «రెండు నాలుకలు» అన్న మాట మార్చకండి. అలా మాట్లాడేవారిని లోకం అనుమానంగానే చూస్తుంది.

సికింద్రాబాద్ నుంచి:

అమ్మా, మీ బాధ అర్థమైంది గానీ అది వేరే విషయం. ఇక్కడ చర్చ వలస పాలకుల భాష గురించి. పాలకుల భాష అంటే ఆంగ్లమే కదా.

నల్లకుంట నుంచి:

హైదరాబాద్‌లో కూర్చుని ఆ మాట అంత సులువుగా అనలేము. ఈ నగరంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. కోర్టు కాగితం, కచేరీ కాగితం ఉర్దూలోనే నడిచేవి. 1921లో వివేకవర్ధిని విద్యాసంస్థలో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి ఆపారు. ఆ అవమానం నుంచే ఇక్కడి తెలుగువారి సంఘమైన ఆంధ్ర జనసంఘం పుట్టింది. గోల చేసినవారు తెల్లవారు కారు, వారిలో మరాఠీ మాట్లాడేవారు ఎక్కువ. అయితే ఆ సభను ఈ కవితకు నేరుగా అతికించడం కూడా సరికాదు. వెంకటరామారావు గారి నోట్లో తెలుగు చావలేదు, వినేవారు వద్దన్నారు. సుజాతా భట్ విషయంలో వద్దన్నవారు ఎవరూ కవితలో కనిపించరు. చిన్నతనంలో దేశం మారడం వల్ల, వాడే చోటు లేక భాష కుళ్లుతున్నది. ఆమె పుట్టేనాటికి బ్రిటిష్ పాలన పోయి తొమ్మిదేళ్లయింది. కాబట్టి ఉప్పల్ అమ్మాయి చెప్పిన ఎర్ర సిరా ఈ కవితకు దూరమని నేను అనుకోను, కానీ రెండూ ఒకటేనని కూడా అనలేను.

కోఠి నుంచి:

పూత దగ్గరికి వస్తాను. గుజరాతీలో పండు దగ్గర «పాకే ఛే» అని ఉంది. కాయ పండడానికీ అదే మాట, పుండు చీము పట్టడానికీ అదే మాట. కవయిత్రి ఆ రెండో అర్థాన్ని ఉద్దేశించిందో లేదో చెప్పలేను గానీ, మా అమ్మమ్మకు చదివి వినిపించినప్పుడు ఆమె ముందుగా «నోరు నొప్పిగా ఉందా ఆ పిల్లకు» అని అడిగింది. ఈ కవితలో నాలుక అప్పటికే ఒకసారి కుళ్లి ఉన్నది. తిరిగి రావడంలో కొంత సలుపు ఉండడం అన్యాయమేమీ కాదు. అందుకని తార్నాక చెల్లీ, నువ్వు భయపడుతున్న నోటిపూతను తీసివేయవద్దని నా మాట. తెలుగు తనంతట తాను ఇచ్చిన మాట అది.

నల్లకుంట నుంచి:

ఇక్కడ నాకు భేదాభిప్రాయం ఉంది. «పూస్తుంది» అంటే జబ్బు ఒక్కటే మిగిలి పువ్వు పోతుంది. గుజరాతీలో పువ్వుకు వాడిన «ఖీలే ఛే»కు ఆ నీడ లేదు. పువ్వు దగ్గర «విచ్చుకుంటుంది» అనండి, పండు దగ్గర «పండుతుంది» అనండి. తాంబూలం వేసుకున్న నాలుకను పండిందని మనం అంటాం కదా. ఎర్రగా పండిన నాలుక తెలుగువాడికి శుభంగా కనిపిస్తుంది, ఆంగ్లం వదిలేసిన పండు కూడా దానితో తిరిగి వస్తుంది.

ఉప్పల్ నుంచి:

మాస్టారూ, శుభం మరీ ఎక్కువైతే ఆ అమ్మాయి ఉమ్మివేసినదాన్ని మరిచిపోతాం.

తార్నాక నుంచి:

అందరి మాటలూ పెట్టుకుని ఈ రాత్రి మళ్లీ కూర్చున్నాను. మొదటి వాక్యం మాస్టారు చెప్పినట్లే ఉంచాను: «నా నాలుక పోయింది అంటే ఏమిటని అడుగుతున్నావు». రెండో చోట «ఒకే నోట్లో రెండు నాలుకలు మొలిస్తే నువ్వేం చేస్తావు» అని రాశాను. «మొలిస్తే» అనడంతో మోసగాడు కాస్త వెనక్కి జరిగి ఒంటి మీద ఉన్న నాలుక ముందుకు వస్తోంది, అయినా ఉప్పల్ గారు చెప్పిన అనుమానపు చూపు పూర్తిగా పోలేదు. గుజరాతీ పంక్తులను గుజరాతీ లిపిలోనే ఉంచి, కింద రోమన్ బదులు తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ ఇస్తున్నాను. అర్థం మాత్రం ఆ పుటలో ఇవ్వడం లేదు. మా విద్యార్థులు కూడా నాలాగే ఒకసారి పండును దాటి వెళ్లి, తరగతిలో వెనక్కి రావాలని నా కోరిక.

చివరి పంక్తి దగ్గర «విచ్చుకుంటుంది» అని రాసి, దాని మీద పెన్సిలుతో «పూస్తుంది» అని కూడా రాసుకున్నాను. ఇంకొక ఇబ్బంది కూడా కనిపించింది. మూలంలో గుజరాతీని చుట్టుముట్టి ఉన్నది ఆంగ్లం. నా అనువాదంలో దాన్ని చుట్టుముట్టేది తెలుగు. అప్పుడు గుజరాతీని పక్కకు నెట్టే పరాయి నాలుక స్థానంలో మన భాషే నిలబడుతున్నది. కోఠి అక్క దీన్ని చదివి ఏమంటారో వినాలని ఉంది.

కోఠి నుంచి:

మా పిల్లలు ఇంట్లో నాకు తెలుగులోనే జవాబిస్తారు. కాబట్టి ఆ పుట అలా ఉండడమే నాకు నిజంగా కనిపిస్తోంది. రేపు అమ్మమ్మకు నీ తెలుగు చదివి వినిపించి, «విచ్చుకుంటుంది», «పూస్తుంది» రెండింటిలో ఆమె ఏ మాట దగ్గర తల ఊపిందో రాస్తాను.