దమ్ములో ఇంజన్ ఎక్కి దిగుతోంది: గవర్నరా, నాజిళ్లా, డీజిలా?

వంశధార గట్టు

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, కాశీనగరం పక్కన. 45 హెచ్‌పీ, మూడు సిలిండర్ల ట్రాక్టరు, కొని ఎనిమిదేళ్లయింది. ఇన్‌లైన్ డీజిల్ పంపు. దమ్ముకి రోటవేటర్ వేసి మడిలోకి దిగితే మొదటి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఏ తేడా ఉండదు. తర్వాత మోత సన్నగా దిగిపోతుంది, ఆగిపోతుందేమో అనుకునేలోపు ఒక్కసారి లేస్తుంది, మళ్లీ దిగుతుంది. మూడు నాలుగు సెకన్లకోసారి ఇదే. చేతి లివరు 1700 దగ్గర పెట్టి వదిలేశాను, నేనేమీ కదపడం లేదు.

ఆపేసి పది నిమిషాలు గట్టున కూర్చుంటే మళ్లీ మామూలుగా నడుస్తుంది, పావుగంటకి మళ్లీ మొదలు. ఖాళీ ట్రాలీతో రోడ్డు మీద ఎప్పుడూ రాలేదు. డీజిల్ ఫిల్టర్లు రెండూ కొత్తవి వేశాను. పర్లాకిమిడిలో చూపిస్తే గవర్నర్ పోయింది, పంపు దించి బరంపురం పంపాలి, వారం పడుతుంది అన్నారు. నారు ముదిరిపోతోంది, వారం ఆగలేను. మీలో ఎవరికైనా ఇలా వచ్చిందా?

పాతపట్నం బావ

నాజిళ్లు బావా, సందేహం లేదు. నాకు పోయినేడు ఇలాగే మోత తేడా వచ్చింది, నల్ల పొగ, లోడు లాగేది కాదు. మూడు నాజిళ్లూ టెస్టు చేయిస్తే ఒకటి కారుతోంది. మార్చాక బాగయింది. ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్లు ఒక్కోటి లూజు చేసి చూడు. ఏది లూజు చేస్తే మోత మారదో ఆ సిలిండరే దొంగ.

గుణుపురం పొలం

మాకూ మోత లేచిపోయేది, బండి మాత్రం కదిలేది కాదు. క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి. దమ్ములో క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు ఉంటే అంతే. ముందు క్లచ్ చూడండి.

పాత పంపురూం

బాబూ, నేను ముప్పై ఏళ్లు డీజిల్ పంపుల షాపులోనే పనిచేశాను, ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నాను. పంపు ఇప్పుడే దించకు. నువ్వు రాసిన దాంట్లో అన్నిటికంటే పనికొచ్చే మాట, పది నిమిషాలు ఆపితే బాగుపడుతోంది అన్నది. గవర్నర్ లోపల ఉండేవి గుండ్లు, స్ప్రింగులు, లింకులు. అవి అరిగితే పది నిమిషాల విశ్రాంతితో నయం కావు. లోడు లేకుండా నిలబెట్టి సగం స్పీడులో ఉంచినా ఊగుతూనే ఉంటాయి. లోడులోనే, అదీ కాసేపు నడిచాకే వస్తోందంటే పంపుకి డీజిల్ చాలడం లేదని నా అనుమానం.

నాజిల్ గురించి పాతపట్నం వాళ్లు చెప్పిన పరీక్ష సరైనదే, కానీ అది వేరే జబ్బుకి. ఒక నాజిల్ పాడైతే ఆ ఒక్క సిలిండరు తప్పుతుంది. మోత టకటకమని వరసగా కుంటుతుంది. మూడు నాలుగు సెకన్లకి ఒక అల లాగా ఎక్కి దిగదు. ఇంకో మాట, నట్టు లూజు చేసేటప్పుడు ఐడిల్‌లోనే చెయ్యండి, పైన గుడ్డ కప్పండి, వేలు దగ్గర పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. పైకి చిన్న చుక్కే కనబడుతుంది, లోపల చెయ్యి కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

క్లచ్ సంగతి తేల్చడం సులువు. ఇంజన్ మోత లేచినప్పుడు రోటవేటర్ కూడా జోరందుకుంటే తప్పు ఇంజన్‌దే. ఇంజన్ ఒక్కటే లేచి రోటవేటర్ వెనకబడితే క్లచ్.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఈసారి ఊగడం మొదలవగానే పీటీఓ తీసేసి ఇంజన్ ఆపు, పది నిమిషాలు ఆగకు. ముందు ట్యాంకు మూత తిప్పు. గాలి లోపలికి పీల్చిన చప్పుడు వస్తే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. తర్వాత ఫీడ్ పంపు మీదున్న చేతి నాబ్ విప్పి పైకి లాగు. మామూలుగా అది తేలిగ్గా రావాలి. బరువుగా వచ్చి వదిలేస్తే వెనక్కి లాక్కుపోతే ట్యాంకు వైపు ఎక్కడో అడ్డు ఉంది. తేలిగ్గా వచ్చి, ఫిల్టర్ మీద ఎయిర్ స్క్రూ లూజు చేసి కొడితే బుడగలు వస్తూనే ఉంటే గాలి పీలుస్తోంది. ఫీడ్ పంపుకి ముందున్న జాయింట్లలో గాలి పీల్చే చోట డీజిల్ కారదు, పైకి పొడిగానే ఉంటుంది. అందుకే కారడం లేదు కదా అని వదిలేస్తారు.

సిరొంచ శీను

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. పెద్దాయనా, నా కేసు దీనికి పూర్తిగా ఉల్టా. పాత బండి, రోటరీ పంపు. లోడులో సాఫు, ఐడిల్‌లో పెడితే ఊగేది. మూత, పైపులు, వాషర్లు అన్నీ చూశాం, తేడా లేదు. చివరికి పంపు విప్పితే గవర్నర్ లింకు కొక్కెం, దాని పిన్ను అరిగి ఆట వచ్చింది. అవి మార్చి బెంచి మీద సెట్ చేశాక తగ్గింది. అందుకని గవర్నర్ కాదని ముందే కొట్టెయ్యకండి.

పాత పంపురూం

శీనూ, నీది గవర్నర్ జబ్బుకి సరైన గుర్తు. లోడు లేనప్పుడు ఊగడం, లోడు పడితే తగ్గడం. కాశీనగరం అబ్బాయిది లోడులో ఊగడం. ఆ తేడా కోసమే ముందు బయట చూసి తర్వాత పంపు విప్పమంటున్నాను.

వంశధార గట్టు

ఈ రోజు చూశాను. ఇరవై రెండో నిమిషంలో మొదలైంది. రోటవేటర్ కూడా ఇంజన్‌తోపాటే ఎక్కి దిగుతోంది, కాబట్టి క్లచ్ కాదు. మూత తిప్పితే ఏ చప్పుడూ లేదు. నాబ్ మాత్రం మీరన్నట్టే బరువుగా వచ్చింది, వదిలితే నా చేతిలోంచి లోపలికి లాక్కుంది. ఎయిర్ స్క్రూ దగ్గర బుడగలు లేవు. పది నిమిషాల తర్వాత అదే నాబ్ తేలిగ్గా కదిలింది! ఫిల్టర్లు కొత్తవే కదా, మరి అడ్డు ఎక్కడ?

పాత పంపురూం

నీ బండిలో ఫిల్టర్లు ఫీడ్ పంపు తర్వాత ఉంటాయి. అవి మూసుకుపోతే నాబ్ కిందికి నొక్కడం కష్టమవుతుంది, పైకి లాగడం కాదు. అడ్డు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యలో ఉంది. పంపు దించే ముందు ఇంకో పరీక్ష చెయ్యి. శుభ్రమైన 5 లీటర్ల క్యానులో వడకట్టిన డీజిల్ పోసి, ఫీడ్ పంపు కంటే ఎత్తులో గట్టిగా కట్టు. సైలెన్సరుకి దూరంగా, ఒలకకుండా. ట్యాంకు పైపు తీసి క్యాను పైపు ఫీడ్ పంపుకి పెట్టు, ఎయిర్ తీసి దమ్ము చెయ్యి. క్యాను మూత బిగించకు. నాజిళ్ల రిటర్ను ట్యాంకులోకే పోనియ్యి. ఊగకపోతే పంపు, గవర్నర్, నాజిళ్లు మూడూ నిర్దోషులే.

క్యాను ఖాళీ అయ్యేదాకా నడపకు, మళ్లీ గాలి పట్టి మొదటికొస్తుంది. ఆ లోడులో గంటకి 6, 7 లీటర్లు తాగుతుంది, అందుకని అరగంటకి చూసి నింపుకో.

పాతపట్నం బావ

నాకో సందేహం. డీజిల్ చాలకపోతే ఇంజన్ మెల్లగా ఆగిపోవాలి కదా? మళ్లీ ఎందుకు లేస్తుంది?

పాత పంపురూం

మంచి ప్రశ్న. డీజిల్ పూర్తిగా ఆగదు, తక్కువగా వస్తుంది. మోత పడిపోగానే గవర్నర్ పంపుని ఫుల్ వైపు తోస్తుంది. స్పీడు తగ్గింది కాబట్టి ఇంజన్ తాగేదీ కాస్త తగ్గుతుంది, ఆ రెండు మూడు సెకన్లలో పంపు గదిలోకి డీజిల్ మళ్లీ నిండుతుంది. అప్పటికి పంపు ఫుల్ మీద ఉంది కదా, ఇంజన్ ఎగిసిపడుతుంది. వెంటనే గవర్నర్ వెనక్కి లాగుతుంది, ఉన్నది ఖాళీ అవుతుంది, మళ్లీ దిగుతుంది. గవర్నర్ తన పని తాను చేస్తోంది. చూసేవాళ్లకి అదే పాడైనట్టు అనిపిస్తుంది.

వంశధార గట్టు

క్యానుతో గంటన్నర దమ్ము చేశాను. ఒక్కసారి కూడా ఊగలేదు! సాయంత్రం ట్యాంకు కింద పైపు తీసి లీటరు సీసా పెట్టాను. మొదటి సీసా నిమిషం లోపే నిండింది. రెండోది సగం అయ్యేసరికి ధార సన్నబడి దారంలా అయిపోయింది. కాక్ కట్టేసి కాసేపు ఆగి విప్పితే మళ్లీ లావు ధార.

పాత పంపురూం

గంటకి 7 లీటర్లంటే నిమిషానికి 115 మిల్లీలీటర్ల పైమాట. దారంలాంటి ధార దానికి చాలదు, ఖాళీ ట్రాలీకి సరిపోతుంది. పారుతున్నప్పుడు ఏదో కదిలి వచ్చి రంధ్రం మీద కూర్చుంటోంది, పారుదల ఆగితే పక్కకి పోతోంది. కంప్రెసర్ గాలి కొట్టి వదిలెయ్యకు, నాలుగు రోజులకి మళ్లీ వస్తుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి లోపల చూడు.

వంశధార గట్టు

దొరికింది. ఆయిల్ క్యాను మూత కింద ఉండే వెండి రేకు సీలు, రూపాయి బిళ్లంత ముక్క. పొలానికి పాత క్యాన్లలో డీజిల్ తెచ్చి పోసేవాళ్లం, అలా పడి ఉంటుంది. అడుగున అర గ్లాసు నీళ్లు, నల్లటి జిగురు మడ్డి కూడా ఉన్నాయి. డీజిల్‌తోనే రెండుసార్లు కడిగి, కాక్ దగ్గరున్న చిన్న జాలీ శుభ్రం చేసి, పైపు రెండు చివర్లా కొత్త రాగి వాషర్లు వేశాను. మూడు రోజులుగా పొద్దుట ఆరు నుంచి పదకొండు దాకా ఆపకుండా దమ్ము. ఇప్పుడు గరాటుకి జాలీ లేకుండా చుక్క కూడా పోయనివ్వడం లేదు. పెద్దాయనా, మీకు రుణపడి ఉంటాను.

ఒక్కటి మాత్రం మిగిలింది. పొద్దున్నే చల్లటి ఇంజన్ ఐడిల్‌లో కొంచెం ఊగుతోంది. రెండు మూడు నిమిషాలకి తగ్గిపోతుంది. ఇదివరకు ఉందో లేదో నేను గమనించలేదు.

గుణుపురం పొలం

పంపు వెనక ఐడిల్ దగ్గర ఒక స్క్రూ ఉంటుంది, పావు చుట్టు లోపలికి తిప్పితే ఆగుతుంది. మా బండికి అలాగే చేశారు, రెండేళ్లయింది.

పాత పంపురూం

సీసం సీలు ఉన్న స్క్రూ ఏదీ ఇంటి దగ్గర తిప్పకండి. ఐడిల్ స్ప్రింగు మీద ఒత్తిడి ఎక్కువైతే లివరు వదిలినా ఇంజన్ రేసులో ఉండిపోయే ప్రమాదం ఉంది. ముందు ఫీడ్ పంపు విప్పి వాల్వుల్లో ఆ మడ్డి ఏమైనా ఇరుక్కుందేమో చూడు, రాత్రి డీజిల్ వెనక్కి జారిపోతే పొద్దున్న అలా కావచ్చు.

సిరొంచ శీను

నాకైతే అది గవర్నర్ లింకు ఆటే అనిపిస్తోంది, నాదీ చల్లగా ఉన్నప్పుడే మొదలైంది. వంశధార అన్నా, వారం చూసి వేడెక్కాక కూడా ఊగితే ఇక్కడ రాయండి.

వంశధార గట్టు

నాట్లు అయ్యేదాకా స్క్రూ ముట్టుకోను. రేపు పొద్దున్న స్టార్ట్ చేసే ముందు నాబ్ కొట్టి చూస్తాను. పది దెబ్బలకి గానీ గట్టిపడకపోతే రాత్రి డీజిల్ వెనక్కి జారినట్టు, వెంటనే గట్టిగా ఉంటే కారణం వేరే. ఏదైందో రాస్తాను.