అప్‌డేట్: రాత్రి గేటు కెమెరా బొమ్మ పోవడానికి కారణం దొరికింది

నా ప్రశ్న: "పగలు బొమ్మ బాగానే వస్తోంది. చీకటి పడగానే గేటు కెమెరా నల్లగా అయిపోతోంది, కాసేపటికి వచ్చి మళ్లీ పోతోంది. కెమెరా మార్చాలా?"

మార్చక్కర్లేదు. ఇక్కడ ఒకరు చెప్పినట్టు పట్టపగలే కెమెరా ముందుభాగాన్ని నల్లగుడ్డతో కప్పాను. లోపల టిక్‌మని ఫిల్టర్ మారింది, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు సన్నగా ఎర్రగా వెలిగాయి, వెంటనే బొమ్మ పోయింది. అంటే చీకటి వల్ల కాదు, ఆ లైట్లు లాగే కరెంటు వల్లే.

తర్వాత మీటర్ పెట్టాను. లైట్లు వెలిగినప్పుడు కూడా అడాప్టర్ దగ్గర 12 వోల్టులు నిలకడగా ఉన్నాయి. కెమెరా దగ్గర మాత్రం 11.7 నుంచి 8.5కి పడిపోయింది. అడాప్టరే బలహీనమైతే రెండు చోట్లా పడిపోవాలి కదా, కాబట్టి తప్పు మధ్యలో వైరుది.

కెమెరా వెనక డీసీ పిన్ మీద చుట్టిన టేపు విప్పితే తడి వాసన వచ్చింది. రాగి పోగులు ఆకుపచ్చగా చిలుము పట్టి, రెండే పోగులు స్క్రూ కింద మిగిలాయి. పగటి కొద్దిపాటి కరెంటుకు అవి సరిపోయాయి, రాత్రికి చాలలేదు. జానెడు వైరు కోసేసి కొత్త పిన్ బిగించి, వాన తగలకుండా ప్లాస్టిక్ బాక్సులో పెట్టాను. ఇప్పుడు లైట్లు వెలిగినా 11.4 ఉంటోంది. నాలుగు రాత్రులుగా బొమ్మ ఒక్కసారి కూడా పోలేదు, అమ్మ టెన్షన్ తీరింది.

పెరటి కెమెరాలో తెల్లటి పొగలా కనిపించేది వేరే సంగతి. అద్దం ముందు సాలెగూడు ఉంది, లైటు దాని మీద పడి వెనక్కి కొడుతోంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయింది.