“ఇకముందు కూడా ఇలాగే సహకరిస్తారని ఆశిస్తున్నాను”: ఇందులో ఏ మాట గుచ్చుకుంది?

ఏటుకూరు రోడ్డు:
గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు చూసుకుంటాను. మిర్చి సీజను మంచి ఊపు మీదుండగా, రైతులు దాచిన సరుకుకి బాండ్లు, బిల్లులు రాసే ఆయన తొమ్మిది రోజులు రాలేకపోయాడు. ఆయన పని ఇద్దరు పంచుకున్నారు. ఆఫీసులో ఉండే ఒకామె లాట్లు పుస్తకానికెక్కించి బాండ్లు రాసింది. కాటా దగ్గరుండే కుర్రాడు రాత్రి తొమ్మిదింటిదాకా ఉండి గేటుపాసులు చూశాడు. ఆయన తిరిగొచ్చే ముందురోజు రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాను:

“అందరికీ నమస్కారం. ఫలానా గారు లేని లోటు తెలియకుండా, ఎప్పటిలాగే అందరూ సర్దుకుని పని చేసినందుకు ధన్యవాదాలు. ఇకముందు కూడా ఇలాగే సహకరిస్తారని ఆశిస్తున్నాను.”

ఒకే ఒక్క దండం బొమ్మ వచ్చింది. మర్నాడు కుర్రాడు నవ్వుతూనే “ఇకముందు కూడానా సార్?” అన్నాడు. తిరిగొచ్చిన ఆయనైతే “నేను లేకపోయినా లోటేం లేదంట కదండీ” అన్నాడు. ఇద్దరూ నవ్వారు కానీ నాకు నవ్వు రాలేదు. మంచికే రాశాను. ఇందులో తేడా కొట్టిన మాట ఏది?

గవర్నరుపేట:
తేడా అంతా “ధన్యవాదాలు” దగ్గరే ఉందండీ. అది హిందీ వాళ్ల మాట. తెలుగులో “కృతజ్ఞతలు” అనాలి. ఇక చివరి వాక్యం “సహకరించగలరు” అని మారిస్తే మర్యాదగా ఉంటుంది.

బ్రాడీపేట టీచరమ్మ:
గవర్నరుపేట గారూ, రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. హిందీ వాళ్లు వాడుతున్నారని ధన్యవాదం వాళ్లదైపోదు. కానీ ఈ చోట కృతజ్ఞత మెరుగన్నారు చూడండీ, అది ఒప్పుకుంటాను. కారణం మాత్రం వేరు. ధన్యవాదం అంటే “నువ్వు ధన్యుడివి” అని పలకడం. ఎవరికైనా, ఏమీ చూడకుండా అనేయొచ్చు. కృతజ్ఞత అలా కాదు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. ఎదుటివాడు చేసినది ఎరిగి ఉండటమే కృతజ్ఞత. ఈ నోటులో వాళ్లు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. తొమ్మిది రోజులు, రాత్రి తొమ్మిది, లాట్లు, గేటుపాసులు అన్నీ మాకు చెప్పారు, వాళ్లకి చెప్పలేదు. మాట మార్చి “కృతజ్ఞతలు” అని పెట్టినా ఆ ఖాళీ అలాగే ఉంటుంది.

“గలరు” సంగతి ఇంకోటి. పుట్టుకలో అది “చేయగల శక్తి ఉన్నవారు” అని. ఆఫీసు కాగితాల్లో పడ్డాక “గమనించగలరు”, “హాజరు కాగలరు” అంటే ఆజ్ఞే. సహకరించగలరు అని రాస్తే ఆ కుర్రాడు ఇంకోసారి నవ్వేవాడు కూడా కాదు.

మాచవరం:
సెలవు చీటీ నమూనా కావాలంటే నా దగ్గరుందండీ. కారణం, తేదీలు, బదులు చూసేవారి పేరు, మూడు వరుసల్లో అయిపోతుంది. పెట్టమంటారా?

ఏటుకూరు రోడ్డు:
సెలవు పెట్టింది నేను కాదండీ. పెట్టినాయన చీటీ బాగానే ఇచ్చాడు.

పటమట అకౌంటెంటు:
నాకు “సర్దుకుని” దగ్గర ఆగిపోయింది. గుంటూరు బస్సులో “కొంచెం సర్దుకోండి” అంటే ఏమిటి? ఇరుక్కోమని. ముగ్గురి సీటులో నలుగురు. సర్దుకుపోయేవాడు కష్టాన్ని నోరుమూసుకుని మింగేవాడు. కాపురాల గొడవల్లో పెద్దలు చెప్పేదీ అదే, సర్దుకుపోవాలమ్మా అని. పని చేసినవాళ్లను పట్టుకుని “సర్దుకున్నారు” అంటే మీరు ఇరుక్కున్నారు, బాగుంది అన్నట్టుంటుంది. “పని పంచుకున్నారు” అంటే చేసినట్టుంటుంది.

సత్తెనపల్లి రోడ్డు:
మా స్కూల్లో ఇదే రోజూ గోల. ఎవరైనా రాకపోతే లీజర్ పీరియడ్ ఉన్నవాళ్లకి సబ్‌స్టిట్యూషన్ వేస్తారు. నేను లెక్కలు చెప్తాను, నాకు వారానికి మూడు పడుతున్నాయి. ఎందుకో తెలుసా? మొదటి ఏడాది ఒకసారి హెడ్మాస్టరు స్టాఫ్ మీటింగులో “ఈయన ఎప్పుడడిగినా కాదనరు” అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇప్పటికీ మోస్తున్నాను. థాంక్స్ చెప్పించుకోకుండా ఉండాల్సింది.

బ్రాడీపేట టీచరమ్మ:
మాస్టారూ, మీరు మీ గోడు చెప్పారనుకుంటున్నారు కానీ అసలు విషయం మీరే పట్టారు. “ఎప్పుడడిగినా”, “ఎప్పటిలాగే”, ఈ రెండూ ఒకే పని చేస్తాయి. ఒకసారి జరిగినదాన్ని అలవాటు కింద రాసేస్తాయి. కాటా కుర్రాడు ఎప్పుడూ గేటుపాసులు రాయడు. ఆ తొమ్మిది రోజులే రాశాడు. దాన్ని “ఎప్పటిలాగే” అంటే అదనంగా చేసింది మామూలైపోయింది. మామూలుకి మెప్పేముంది?

తర్వాత వస్తుంది “ఆశిస్తున్నాను”. ఆశించడం అన్న క్రియకి తెలుగులో రెండు ముఖాలున్నాయి. “వాన పడుతుందని ఆశిస్తున్నాం” అంటే కోరిక. “నీ దగ్గర నేనేమీ ఆశించను” అంటే, నువ్వు ఇచ్చి తీరాలన్న లెక్క నాకు లేదని. కింద పనిచేసేవాడు “సెలవు ఇస్తారని ఆశిస్తున్నాను” అని రాస్తే మొదటి ముఖం. జీతం ఇచ్చే చెయ్యి “సహకరిస్తారని ఆశిస్తున్నాను” అంటే రెండోదే వినిపిస్తుంది. మాట ఒకటే, ఎవరి నోట్లో ఉందన్నదాన్ని బట్టి బరువు మారుతుంది.

కృతజ్ఞత చూసేది అయిపోయినదాన్ని. “ఆశిస్తున్నాను” చూసేది రాబోయేదాన్ని. రెండూ పక్కపక్కన పెడితే మొదటిది రెండోదానికి బయానా అవుతుంది. కుర్రాడికి వినపడింది అదే.

గవర్నరుపేట:
మరీ ఇంత తవ్వుతారా అండీ? ఆ చివరి వాక్యం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. ఆహ్వాన పత్రికల్లో “విచ్చేస్తారని ఆశిస్తున్నాం” అన్నట్టే. చదివేవాడు పట్టించుకోడు.

పటమట అకౌంటెంటు:
పెళ్లికి రాకపోతే జీతం తెగదు కదండీ.

ఏటుకూరు రోడ్డు:
“లోటు” గురించి ఎవరూ అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ. పెళ్లివాళ్లని కూడా “ఏ లోటూ రానివ్వలేదు” అనే కదా మెచ్చుకుంటాం.

బ్రాడీపేట టీచరమ్మ:
మీరన్నది నిజమే. “ఏ లోటూ రానివ్వలేదు” నిండు మెప్పు. కానీ “ఫలానా వారు లేని లోటు తెలియకుండా” అన్న పలుకుబడి వేరే ఇంట్లోది. “తండ్రి లేని లోటు తెలియకుండా పెంచింది” అంటాం. అక్కడ తండ్రి ఇక రాడు. సంతాప సభల్లో “తీరని లోటు” అంటారు. ఈయన మర్నాడు పొద్దునే వచ్చే మనిషి. వచ్చే మనిషిని పోయినవాడి వాక్యంలో కూర్చోబెట్టారు. పైగా లోటు తెలియలేదంటే ఆయన కుర్చీ మీద అనుమానం పుడుతుంది. చేసినవాళ్లకీ అది పూర్తి మెప్పు కాదు. లోటు ఉంది, తెలిసింది, అందుకే కదా రాత్రి తొమ్మిదైంది?

కొత్తపేట పెద్దాయన:
నలభై ఏళ్లు మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశాను. మా షావుకారు ఏనాడూ థాంక్స్ అనలేదు. గుమాస్తా ఒకడు రాకపోతే ఆ సాయంత్రం పిలిచి “ఇవాళ కాటా చిట్టాలు నువ్వే రాశావట, ఒక్క తప్పు లేదు” అనేవాడు. మర్నాడు ఆ చిట్టాలు మళ్లీ వాడివే. మనవాళ్లు “నీ మేలు మర్చిపోను” అనేవారు గానీ ధన్యవాదాలని నోటితో ఎవరన్నారు? మీరు గ్రూపులో పెట్టకుండా ఆ ఇద్దరినీ విడివిడిగా పిలిచి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

పటమట అకౌంటెంటు:
పెద్దాయన మాట సగం ఒప్పుకుంటాను. విడిగా చెప్పడం బాగుంటుంది, కానీ గ్రూపులో చెప్పకపోతే మిగతావాళ్లకి ఒక సంగతి తెలియదు: పని ఎవరి దగ్గరుంది, ఎప్పటిదాకా ఉంది అని. మా ఆఫీసులో ఒకామె జీఎస్టీ రిటర్నులు ఒక నెల నేను చూశాను. ఆమె వచ్చి నాలుగు నెలలైనా పార్టీలు నాకే ఫోను చేసేవారు. నాకు థాంక్స్ చెప్పారు, పని తిరిగి ఆమెది అని ఎవరూ చెప్పలేదు.

బ్రాడీపేట టీచరమ్మ:
అదీ అసలు లేని వాక్యం. ఏటుకూరు రోడ్డు గారూ, నేనైతే ఇలా రాస్తాను. పేర్లు మీరు వేసుకోండి.

“ఫలానా గారు రేపటి నుంచి వస్తున్నారు. ఈ తొమ్మిది రోజులూ ఆవిడ లాట్లన్నీ ఏ రోజువి ఆ రోజే ఎక్కించి బాండ్లు ఇచ్చారు. కాటా దగ్గరుండే ఆయన రాత్రి తొమ్మిదింటిదాకా ఉండి గేటుపాసులు చూశారు. మీ ఇద్దరి వల్లే ఏ రైతూ బాండు కోసం తిరగాల్సిన పని పడలేదు. చాలా థాంక్స్. రేపటి నుంచి బాండ్లు, గేటుపాసులు మళ్లీ ఫలానా గారివే, వాటికి ఆయన్నే అడగండి.”

“థాంక్స్” కావాలనే పెట్టాను. మీరు రోజూ నోటితో అనేది అదే అయితే అదే రాయండి. ఆయన ఎందుకు రాలేదో ఇందులో లేదు, ఉండక్కర్లేదు. చివర్లో “ఆశిస్తున్నాను” లేదు. ఇంకోసారి అవసరమొస్తే అప్పుడు అడుగుతారు. అడిగితే కాదనే వీలుంటుంది వాళ్లకి.

గవర్నరుపేట:
ఇద్దరి పేర్లే వేస్తే మిగతావాళ్లు ముఖం మాడ్చుకోరా? అందుకే “అందరూ” అని రాస్తారు ఎవరైనా.

ఏటుకూరు రోడ్డు:
ఈ ప్రశ్న నాకూ ఉంది. హమాలీ మేస్త్రి కూడా రెండు రాత్రులు ఆగాడు. ఆయన మా గ్రూపులోనే లేడు.

బ్రాడీపేట టీచరమ్మ:
చేసినవాళ్లందరి పేర్లూ వేయాలి, చేయనివాళ్లవి వేయకూడదు, అంతవరకే చెప్పగలను. గ్రూపులో లేని మనిషికి ఏం చేయాలో భాషలో లేదండీ.

కొత్తపేట పెద్దాయన:
మేస్త్రికి వాట్సాప్ ఎందుకు? కాటా దగ్గరకి వెళ్లి నలుగురు హమాలీలు వింటుండగా చెప్పండి.

సత్తెనపల్లి రోడ్డు:
ఒక అనుమానం. “రేపటి నుంచి మళ్లీ ఆయనవే” అన్నది, పనిచేసినవాళ్లని మీరిక అక్కర్లేదన్నట్టు వినపడదూ? మా స్కూల్లో అలా అంటే ఒకావిడ నొచ్చుకునేది.

పటమట అకౌంటెంటు:
నాకైతే ఊపిరి పీల్చుకున్నట్టుండేది. మనిషిని బట్టి.

ఏటుకూరు రోడ్డు:
పాత మెసేజీ తీసేస్తే ఇంకో అర్థం వస్తుందని ఉంచేశాను. కింద కొత్తది పెట్టాను, టీచరమ్మ గారిదే, “రేపటి నుంచి” అన్నవి మార్చి, మేస్త్రి పేరు కలిపి. మేస్త్రి దగ్గరకి పొద్దున వెళ్లి చెప్పాను. కుర్రాడు ఈసారి దండం బొమ్మ పెట్టలేదు, “సరే సార్” అన్నాడు. అంటే ఏమిటో చెప్పలేను. ఇప్పుడే బయట ఒక లారీ ఆగింది, డ్రైవరు గేటుపాసుకి నేరుగా కాటా వైపే నడుస్తున్నాడు. కొత్త మెసేజీలోని ఆ చివరి వాక్యం గేటు దగ్గర కూడా రాసి అంటించాలి.