ఎగ్జిట్ ఇంటర్వ్యూలో చెప్పిన ఫిర్యాదు రిపోర్టులో ఎలా రాయాలి?

మారతహళ్లి మాధవి: బెంగళూరులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ చూస్తున్నాను. మానేసి వెళ్తున్న ఒకావిడ, "మేనేజర్‌ది పక్షపాతం, ఆన్‌కాల్ డ్యూటీ అంతా నా నెత్తినే వేశాడు" అంటోంది. టీములో 8 మంది. ఉన్నదున్నట్టు రాసేస్తే ఆయనకి అన్యాయం, మెత్తగా రాస్తే ఆవిడకి. ఏం చేయాలి?

బీటీఎం సుధాకర్: మాధవి గారూ, "పక్షపాతం" ఆవిడ ఇచ్చిన తీర్పు. దాని మీద వాదులాడుకోవచ్చు గానీ దేన్నీ సరిచేయలేం. ఆవిడ చూసిందేంటో అడగండి. ఏ ఏ వారాలు పడ్డాయి? రాత్రి కాల్ వచ్చిన మర్నాడు ఆలస్యంగా రానిచ్చారా? మేనేజర్‌తో చెప్పారా, చెబితే ఆయనేమన్నారు? తను చూసింది, ఎవరో అనగా విన్నది, తను అనుకున్నది వేరువేరుగా రాసుకోండి. తర్వాత 12 వారాల రోస్టర్ తీసి చూడండి. రాసింది ఆవిడకే చదివి వినిపించండి. "నేనలా అనలేదు" అన్నచోట అప్పుడే దిద్దుకోవాలి.

ప్రసాద్ కె: ఇంత తతంగం ఎందుకండీ? పేరు తీసేయండి. అందరికీ ఒకే ఫారం ఇచ్చి 1 నుంచి 5 వరకు మార్కులు వేయించండి.

బీటీఎం సుధాకర్: అందరినీ అవే ప్రశ్నలు అడగాలన్నది సరైన మాటే, లేకపోతే ఒకరి జవాబుని ఇంకొకరి జవాబుతో పోల్చలేం. కానీ 8 మంది టీములోంచి ఈ నెల వెళ్లేది ఒక్కరే. పేరు తీసేసినా ఎవరో అందరికీ తెలుస్తుంది. పైగా 2 మార్కులు చూసి రోస్టర్‌లో ఏం మార్చాలో ఎవరు చెప్పగలరు?

లలిత: నిజం చెబితే ఏమవుతుందో నన్నడగండి. నేను మేనేజర్ గురించి చెప్పాక రిలీవింగ్ లెటర్ మూడు వారాలు ఆగింది. కొత్త కంపెనీకి రోజూ సంజాయిషీ చెప్పుకున్నాను. అసలు ఎవరూ ఏమీ చెప్పకండి.

మారతహళ్లి మాధవి: రోస్టర్ తీశాను. కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్‌లోకి వెళ్లే ప్రొడక్షన్ యాక్సెస్ ఉన్నది 8 మందిలో నలుగురికే, అందుకే ఆన్‌కాల్ ఆ నలుగురి మధ్యే తిరుగుతోంది. 12 వారాల్లో మేనేజర్ వేసినవి ఆవిడకి 4, ఇద్దరికి మూడేసి, ఒకరికి 2. ఆ రెండు వారాలాయన ఒక వారం ఆవిడకి ఇచ్చి, తిరిగి తీసుకోలేదు. అలా ఆవిడవి 5, ఆయనది 1 అయ్యాయి.

వెంకట్ (ఇంజినీరింగ్ మేనేజర్): చూశారా! పక్షపాతం లేనేలేదు. వాళ్లిద్దరూ మార్చుకున్న వారం మేనేజర్ ఖాతాలో వేస్తారా?

బీటీఎం సుధాకర్: ఆ వారం ఆయన ఖాతాలో వేయం వెంకట్ గారూ. కానీ ఒకరికి 4, ఒకరికి 2 వేసింది మేనేజరే కదా, దానికి జవాబు కావాలి. ఆ రెండో ఆయన సెలవులో ఉండి ఉండొచ్చు, రోస్టర్‌లో అది కనపడదు. మాధవి గారూ, నేనైతే ఇలా రాస్తాను: "ఆన్‌కాల్ నలుగురే చేస్తున్నారు. 12 వారాల్లో ఒకరు 5, ఒకరు 1 చేశారు. అందులో ఒక వారం వాళ్లు మార్చుకున్నది. మార్పులు రాసిపెట్టే చోటు లేదు కాబట్టి అది తిరిగి సర్దుబాటు కాలేదు. మిగతా తేడాకి కారణం మేనేజర్ చెప్పాలి. తక్కిన నలుగురికి యాక్సెస్ ఎందుకు రాలేదో, ఎప్పటికి వస్తుందో తేల్చాలి." ఫిర్యాదు చేసినావిడ మాట ఇందులో ఉంది, "పక్షపాతం" అనే పదం లేదు.

సిల్క్ బోర్డ్ శీను: లైంగిక వేధింపు మాట వస్తే?

బీటీఎం సుధాకర్: అది ఈ రిపోర్టులో కలపకూడదు. 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీకి రాసివ్వాలి, ఘటన జరిగిన 3 నెలల్లోపు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల దాకా గడువు పెంచొచ్చు. ఈ గడువు సంగతి ఇంటర్వ్యూ గదిలోనే చెప్పేయాలి.

వెంకట్ (ఇంజినీరింగ్ మేనేజర్): సరే, ఇది మేనేజర్‌కి ఎప్పుడు చూపిస్తారు? మనిషి ఉండగా అడిగితేనే కదా ఆయన వైపు మాట బయటికొచ్చేది. వెళ్లిపోయాక చూపించడమంటే వెనకనుంచి పొడవడమే.

లలిత: ఉండగా చూపిస్తే లెటర్ ఆగేది ఎవరిదండీ? మీదా?

వెంకట్ (ఇంజినీరింగ్ మేనేజర్): మేనేజర్లందరినీ దొంగల్లా చూస్తే ఎలా మేడమ్? నేనెవరి లెటర్ ఆపలేదు.

లలిత: మీరు ఆపకపోవచ్చు. ఆపడానికి వీలుందా లేదా అన్నదే నేనడిగేది.

బీటీఎం సుధాకర్: మీ ఇద్దరి తగువు రిపోర్టు మాటల మీద కాదు, తేదీ మీద. మా దగ్గర లెటర్, ఫైనల్ సెటిల్‌మెంట్ చేతికి అందాకే మేనేజర్‌తో కూర్చుంటాం. రోస్టర్ లాంటి కాగితం ఉన్న విషయానికి మనిషి ఎదురుగా లేకపోయినా జవాబు చెప్పొచ్చు. ఇద్దరి మధ్య జరిగిన మాటలైతే ఆ పద్ధతి ఆయనకి అన్యాయమే, అక్కడ వెంకట్ గారితో ఏకీభవిస్తాను.

మారతహళ్లి మాధవి: ఆవిడకి ఇంకా 11 రోజులుంది. లెటర్ మీద సంతకం పెట్టాల్సింది ఆ మేనేజరే.

లలిత: ముందు ఆ సంతకం ఇంకొకరితో పెట్టించండి.