బడ్జెట్‌కీ ఖర్చుకీ తేడా 10 శాతం దాటితేనే ఆరా తీయాలా?

నాగావళి: మాది ఆవకాయ తయారుచేసే చిన్న యూనిట్, లెక్కలు నేనే చూస్తాను. బడ్జెట్‌తో తేడా 10 శాతం దాటిన పద్దులకే కారణం రాయాలని మా ఓనరుగారి నియమం. ఈ నెల జనరేటర్ డీజిల్ 40 శాతం దాటింది. నూనె 1 శాతమే. డీజిల్ కారణం కోసం రెండు రోజులు తిరిగాను. ఈ నియమం సరైనదేనా?

గట్టుమీద: సరైనదేనండీ. ప్రతి పద్దు వెంటా పడితే నెలంతా దానికే సరిపోతుంది. కాకపోతే ముందు ఉత్పత్తి చూడండి. 10 టన్నులకు బడ్జెట్ వేసి 12 టన్నులు చేస్తే నూనె, సీసాలు ఎలాగూ పెరుగుతాయి. బడ్జెట్‌ని 12 టన్నులకు మార్చి, అప్పుడు తేడా చూడాలి. అది 10 శాతంలోపు ఉంటే వదిలేయండి.

కాస్ట్‌లెడ్జర్: మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం ఒప్పుకోను. నాగావళి గారూ, డీజిల్ బడ్జెట్ ఎంత? నూనె విషయంలో రూపాయలు కాదు, కిలోలూ రేటూ విడిగా చెప్పండి.

నాగావళి: డీజిల్ 20,000 అనుకుంటే 28,000 అయింది. కరెంటు కోతలు పెరిగాయి, జనరేటర్ లాగ్‌బుక్‌లో గంటలు సరిపోయాయి. ఉత్పత్తి అనుకున్నట్టే 10 టన్నులు. నూనె 2,500 కిలోలు, కిలో 150 చొప్పున 3,75,000 అనుకున్నాం. వాడింది 2,745 కిలోలు, కొత్త వ్యాపారి దగ్గర కిలో 138. మొత్తం 3,78,810.

కాస్ట్‌లెడ్జర్: చూశారా, రేటులో 32,940 మిగిలింది, వాడకంలో 36,750 పోయింది. రెండూ ఒకదాన్నొకటి మింగేసి 3,810 మాత్రమే పైకి కనపడింది. మీ 8,000 డీజిల్ తేడాకి లాగ్‌బుక్ ముందు పది నిమిషాలు కూర్చుంటే చాలు. ఈ నూనె వెనక మాత్రం వెళ్లాల్సిందే. రేటు తగ్గిన నెలలోనే వాడకం పెరిగిందంటే ఆ రెంటికీ ఏదో లంకె ఉంటుంది.

గట్టుమీద: నూనె బయటికి పోతోందన్నమాట. స్టోర్ కీపర్‌ని నిలదీయండి.

వార్డెన్2: మా హాస్టల్లో దీనికి తిరగబడ్డ కథ. మరమ్మతుల పద్దులో సగమే ఖర్చయితే అందరూ మెచ్చుకున్నారు. వేసవి దాటగానే బోరు మోటారు కాలిపోయింది, సర్వీసింగే చేయించలేదు. ఇంతకీ మార్చిలోపు ఖర్చు కాని డబ్బు వెనక్కి వెళ్లకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

కాస్ట్‌లెడ్జర్: మీరడిగింది వేరే సంగతండీ, విడిగా అడగండి. అయితే మీ మోటారు కథ ఇక్కడికి పనికొస్తుంది: మిగులు కనపడినా ఏ పని మానేస్తే మిగిలిందో అడగాలి. గట్టుమీద గారూ, మనిషిని నిలదీసే ముందు డబ్బాని తూకం వెయ్యమనండి.

నాగావళి: ఈ పొద్దున స్టోర్‌కి వెళ్లాను. పాత వ్యాపారి డబ్బా 15 కిలోలు. కొత్తది 15 లీటర్లు. ఖాళీ డబ్బా బరువు తీసేస్తే లోపల 13.65 కిలోలే ఉంది. పక్కన ఆ అంకె అచ్చువేసే ఉంది, ఎవరూ చదవలేదు. రిజిస్టర్‌లో మాత్రం ఎప్పటిలా డబ్బాకి 15 రాసుకుంటూ పోయారు. 183 డబ్బాలు వాడాం కాబట్టి అసలు నూనె 2,498 కిలోలు. ఎవరూ ఎత్తుకుపోలేదు. స్టోర్‌లో ఆయన్ని అనుమానంగా ఒక్క మాట అననందుకు ఎంత ఊరటగా ఉందో.

కాస్ట్‌లెడ్జర్: అయితే డబ్బా 2,070 పెట్టి కొన్నది కిలో 151.65 పడింది. పాత రేటుకంటే ఎక్కువ. 138ని నమ్మి ఇంకెక్కడైనా లెక్క వేశారా?

నాగావళి: వేశాం. వచ్చే నెల 5 టన్నుల ఆర్డర్‌కి కొటేషన్ ఆ రేటుతోనే పంపాం. ఓనరుగారికి ఇప్పుడే చెప్పాను.

గట్టుమీద: స్టోర్ కీపర్ మీద నా అనుమానం తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ 10 శాతం నియమం తీసేస్తే దాని బదులు ఏం పెట్టాలి?

కాస్ట్‌లెడ్జర్: అన్ని పద్దులకీ ఒకే గీత వద్దంటాను. నూనె, కారం లాంటి పెద్ద సరుకులకి రూపాయలు పక్కనపెట్టి కిలో పచ్చడికి ఎంత పోసారో చూడాలి. అది 2 శాతం దాటితే అడగాలి. డీజిల్‌కి రూపాయల్లో హద్దు చాలు.

నాగావళి: 2 శాతం మా దగ్గర కుదరదేమోనండీ. కాయలో నీరు ఎక్కువున్న లాటుకీ లేనిదానికీ నూనె తీసుకోవడంలో తేడా ఉంటుంది. ఏమీ తప్పు లేని నెలల్లో కూడా నేను కారణాలు వెతుకుతూ కూర్చోవాలి.

కాస్ట్‌లెడ్జర్: అది న్యాయమైన మాట. డబ్బా మారక ముందు ఆరు నెలల వాడకం ఇక్కడ పెట్టండి. మామూలుగా ఎంత ఊగుతోందో చూడకుండా నా 2 శాతమూ గాలిలో గీసిన గీతే.

నాగావళి: రిజిస్టర్లు దించుతున్నాను. రెండు నెలలవి లాటువారీగా రాయలేదు, నెల మొత్తంగానే ఉన్నాయి. ఉన్నంతవరకు రేపు పెడతాను.