ఇన్వెస్టర్ కూర్చోబెట్టిన డైరెక్టర్ ఎవరి మనిషి?

చల్లపెట్టె (విశాఖ): మాది రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత చూసే పరికరాలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్. ఒక ఫండ్ 20 కోట్లు పెట్టి 25 శాతం తీసుకుంది, బోర్డులో తమ మనిషిని నామినీ డైరెక్టర్‌గా కూర్చోబెట్టింది. ఇప్పుడు కంపెనీని 24 కోట్లకు కొంటామని ఒకరు వచ్చారు. మా ఫౌండర్లిద్దరికీ ఇష్టం లేదు. ఫండ్ డైరెక్టర్ మాత్రం అమ్మేయాల్సిందే అంటున్నాడు. ఆయన ముందు చూడాల్సింది కంపెనీనా, ఫండ్‌నా?

పెన్షన్ మామయ్య: నామినీ అంటే ఉత్త కాపలాదారు బాబూ. మా నాన్నగారి పాలసీలో నామినీ నేనే, అయినా డబ్బు మా అక్కచెల్లెళ్లకు కూడా పంచాల్సి వచ్చింది. ఈయనదీ అదే కథ.

చల్లపెట్టె (విశాఖ): మామయ్యగారూ, అది పాలసీ నామినీ, ఇది బోర్డు నామినీ. పేరొక్కటే, సంగతి వేరు.

డీల్ టీమ్: నేను ఫండ్ వైపు పనిచేస్తాను. ఆయన్ని బోర్డుకు పంపింది మేము, జీతం ఇచ్చేది మేము. మా దగ్గర డబ్బు పెట్టినవాళ్లకు రేపు జవాబు చెప్పాల్సిందీ మేమే. ఫండ్ ప్రయోజనం చూసుకోకపోతే ఆ సీటు ఎందుకు? షేర్‌హోల్డర్ల ఒప్పందంలో ఆ హక్కు రాసుకున్నాం, మీరు సంతకం పెట్టారు. పైగా టాటా సన్స్ కేసులో 2021 మార్చి 26న సుప్రీంకోర్టు ఏమంది? ట్రస్టులు నామినేట్ చేసిన డైరెక్టర్లకు ఆ ట్రస్టుల పట్ల కూడా బాధ్యత ఉందని ఒప్పుకుంది.

సెక్రటరీ మేడమ్: సీటు మీదే, కాదనను. ఆ సీట్లో కూర్చున్న మనిషి చేయి మాత్రం మీది కాదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 166 డైరెక్టర్లందరికీ ఒకటే. సభ్యులందరికీ కలిపి మేలు, కంపెనీ మేలు చూడాలి, సొంత బుద్ధితో నిర్ణయించాలి. 'నామినీకి తప్ప' అన్న మాట అందులో లేదు. ఇన్వెస్టర్ ఒప్పందం వల్ల సీటు వస్తుంది, బాధ్యత చట్టం నుంచి వస్తుంది. తప్పితే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా.

టాటా కేసు మీరు సగమే చెప్పారు. అక్కడ ఎదుట ఉన్నది ధర్మాదాయ ట్రస్టులు. ఆ ట్రస్టుల వెనక పేరూ ముఖమూ తెలియని లబ్ధిదారులు ఉన్నారన్న ఆలోచనతో కోర్టు అలా అంది. లాభం కోసం నడిచే ఫండ్‌కు అదే మాట అతుకుతుందా అన్నది వాదించాల్సిన సంగతి. అతకదని నా అభిప్రాయం, ఒప్పుకోని లాయర్లూ ఉన్నారు.

ఇక చల్లపెట్టె గారూ, మీ ఒప్పందంలో లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఎలా రాశారు?

చల్లపెట్టె (విశాఖ): ఒక రెట్టు అండి. అమ్మినప్పుడు వాళ్ల 20 కోట్లు ముందు, మిగిలింది మాకూ ఈసాప్‌లు ఉన్న ఉద్యోగులకూ. లేదంటే ప్రిఫరెన్స్ వదులుకుని మామూలు షేర్లుగా మార్చుకుని 25 శాతం తీసుకోవచ్చు.

సెక్రటరీ మేడమ్: గొడవంతా అక్కడే ఉంది. ఈరోజు 24 కోట్లకు అమ్మితే ఫండ్‌కు 20, మీ అందరికీ కలిపి 4. రెండేళ్లు ఆగి 60 కోట్లకు అమ్మారనుకోండి. 25 శాతం అంటే 15 కోట్లే కాబట్టి వాళ్లు మార్చుకోరు, అప్పుడూ 20 తీసుకుంటారు. మీకు 40. 80 కోట్లు దాటేదాకా ఫండ్‌కు పైసా పెరగదు. 20 కంటే కిందికి జారితే మాత్రం నష్టం వాళ్లదే. ఆగితే రిస్క్ వాళ్లది, లాభం మీది. అలాంటప్పుడు 'ఇప్పుడే అమ్ముదాం' అనడం వాళ్ల వైపు నుంచి తెలివైన మాటే. కానీ ఆ మాట డైరెక్టర్ నోట వస్తే, కంపెనీ కోసం అంటున్నాడా, ఫండ్ కోసం అంటున్నాడా అని అడిగే హక్కు మీకుంది.

డీల్ టీమ్: మేడమ్, మా వాడికి అమ్మడమే కంపెనీకి మంచిదని నిజంగా అనిపించవచ్చు కదా? చేతిలో డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో ఫౌండర్ గారు చెప్పనే లేదు.

చల్లపెట్టె (విశాఖ): ఏడు నెలలకు.

డీల్ టీమ్: అదీ సంగతి! ఏడు నెలల్లో కొత్త డబ్బు రాకపోతే ఆ 24 కూడా ఉండదు. ఉద్యోగుల జీతాలు ఆగాక కంపెనీ ప్రయోజనం అంటూ ఏం మిగులుతుంది?

సెక్రటరీ మేడమ్: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. ఏడు నెలల లెక్క చూసి, వేరే దారులు వెతికి, అప్పుడు అమ్మడమే మేలు అంటే ఆయన తన పని చేసినట్టే. వెతక్కుండా అంటేనే తప్పు.

శాన్ హోసె తమ్ముడు: అమెరికాలో దీనికి పేరున్న కేసు ఉంది, ట్రేడోస్. 2005లో ఆ కంపెనీని 6 కోట్ల డాలర్లకు అమ్మారు. మేనేజ్‌మెంట్‌కు బోనస్ పోగా మిగిలిందంతా ప్రిఫర్డ్ ఇన్వెస్టర్లకే, మామూలు షేర్లవాళ్లకు సున్నా. ఒక షేర్‌హోల్డర్ కోర్టుకెళ్లాడు. 2013లో డెలావేర్ కోర్టు తీర్పు ఇచ్చింది. మామూలు షేర్‌హోల్డర్ల సంగతి బోర్డు విడిగా ఆలోచించనే లేదు, పద్ధతి బాగాలేదు అంటూనే, ఆ షేర్ల విలువ అప్పటికే సున్నా కాబట్టి సున్నా ఇవ్వడం న్యాయమే అంది. అంటే మాట గెలిచి, డబ్బు దక్కలేదు. అన్నా, కోర్టుకెళ్లే ముందు ఇది గుర్తుంచుకో.

చెక్కు నోటీసు: నాదొక గోడు. స్నేహితుడి ఫండ్ తరఫున ఓ కంపెనీ బోర్డులో నామినీగా ఉన్నాను. చెక్కు బౌన్స్ అయితే నా పేరుతో నోటీసు వచ్చింది. నామినీ డైరెక్టర్లకు మినహాయింపు ఉందని విన్నానే?

సెక్రటరీ మేడమ్: చెక్కుల సంగతి చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 141లో ఆ మినహాయింపు ప్రభుత్వమో, ప్రభుత్వ ఆర్థిక సంస్థో పంపిన నామినీలకు. ప్రైవేటు ఫండ్ వాళ్లకు కాదు. అయితే రోజువారీ వ్యవహారం మీ చేతిలో లేదని చూపించుకోవచ్చు. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిపితే ఆయన ప్రశ్న మునిగిపోతుంది.

చల్లపెట్టె గారూ, ముందు ఎవరు ఏ హోదాలో మాట్లాడుతున్నారో విడదీయండి. ఫండ్ షేర్‌హోల్డర్‌గా ఓటేస్తే తన లాభమే చూసుకోవచ్చు, పూర్తి స్వేచ్ఛ. మీ ఒప్పందంలో డ్రాగ్ హక్కు ఉంటే, అది అమలయ్యే గడువు దాటి ఉంటే, బోర్డులో ఈ వాదనంతా గెలిచినా మిమ్మల్ని అమ్మకానికి లాగగలరు. ముందు ఆ క్లాజు చదవండి. వీటో కూడా ఇన్వెస్టర్ లిఖిత సమ్మతి రూపంలో ఉంటే పేచీ తక్కువ. 'నామినీ డైరెక్టర్ ఒప్పుకుంటేనే' అని బోర్డులో పెడితే ఆయన పీక మీద కత్తి, రెండు పక్కలా.

బోర్డులో ఓటేసే ముందు ఫండ్‌తో తన సంబంధం, ప్రిఫరెన్స్ లెక్క ఆయన చెప్పాలని అడగండి, మినిట్స్‌లో ఎక్కించండి. సెక్షన్ 184 కింద చెప్పి తీరాలా అన్నది మీ కేసులో తేలిగ్గా తేలదు. కొనేవాడు బయటివాడు, ఒప్పందం ఫండ్‌తో కాదు. కానీ 166లో ప్రయోజనాల ఘర్షణ మాట విడిగా ఉంది, దాన్ని పట్టుకోండి. ప్రైవేటు కంపెనీలో ప్రయోజనం వెల్లడించాక ఆయన కూర్చుని ఓటేయవచ్చు, బయటికి పంపలేరు.

డీల్ టీమ్: ఇంకొకటి కూడా చెప్పండి మేడమ్. ఫౌండర్లూ డైరెక్టర్లే. 24 కోట్లకు అమ్మితే తమ చేతికి వచ్చేది తక్కువని వద్దంటున్నారా, కంపెనీ కోసమా?

సెక్రటరీ మేడమ్: నిజమే. అదే 166 వాళ్లకూ.

చల్లపెట్టె (విశాఖ): ఒప్పందం తీసి చూశాను. డ్రాగ్ హక్కు అయిదో ఏడు నుంచి, మాకు ఇంకా మూడో ఏడు. గురువారం మీటింగ్. ఆరు నెలల బ్రిడ్జ్ లోన్‌కు ఇద్దరు ఎగుమతిదారులతో మాట్లాడిన కాగితాలు బోర్డు ముందు పెడుతున్నా. అమ్మితే మా ఫౌండర్లిద్దరిలో, ఫండ్‌లో ఎవరికి ఎంత వస్తుందో ఆ పట్టిక కూడా పెడుతున్నా. ఫండ్ డైరెక్టర్‌కు ఈ రాత్రే ఫోన్ చేసి ముందే చెప్పనా, అక్కడే చూపించనా?

డీల్ టీమ్: ముందే చెప్పండి. బోర్డులో హఠాత్తుగా బయటపెడితే ఆయన వెంటనే మాకు ఫోన్ చేస్తాడు, ఇక ఆయన సొంత బుద్ధి అక్కడితో సరి.