వాయిస్ నోట్‌లో చెప్పిన సామాను లిస్టు: గదుల వారీగా రాయాలా, వస్తువుల వారీగానా?

కొత్త_హెల్పర్

మా సీనియర్ ఎలక్ట్రీషియన్ సామానంతా వాయిస్ నోట్‌లో చెప్పేస్తారు. నేను దాన్ని ఫోన్‌లో లిస్టుగా రాసుకుని, ఒక్కొక్కటీ తీసుకుంటూ టిక్ పెట్టుకోవాలి. గదుల వారీగా రాస్తే షాపులో తికమక, వస్తువుల వారీగా రాస్తే ఏది ఏ గదికో తెలియట్లేదు. మీరైతే ఎలా రాస్తారు? నిన్నటి నోట్ ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"హాల్లో స్విచ్‌లు ఆరు సాకెట్లు రెండు, పెద్దవి కాదు చిన్నవే, బెడ్‌రూములు రెండిటికీ నాలుగేసి స్విచ్‌లు ఒక్కో సాకెట్టు, వైరు ఎర్రది రెండు చుట్టలు నల్లది రెండు, కాదు కాదు నల్లది ఒకటి చాలు ఇంట్లో ఒకటుంది, పచ్చది ఒకటి, టేపులు ఓ నాలుగైదు, స్క్రూలు ఒక పాకెట్టు, ఆ, హాల్లో ఇంకో రెండు స్విచ్‌లు వెయ్యి, టెస్టర్ తీసుకురా మర్చిపోకు, క్లిప్పులు కూడా."

స్టోర్_పద్దు

వస్తువుల వారీగానే రాయండి. కొనేటప్పుడు గదితో పనిలేదు, మొత్తం ఎన్ని అన్నదే కావాలి. గదుల లెక్కను అదే లైన్లో చివర రాసుకుంటే బిగించేటప్పుడు పనికొస్తుంది. కానీ మీ నోట్ చూస్తే గ్రూపుల కన్నా ముందు అంకెల దగ్గరే తప్పు జరిగేలా ఉంది, అందుకే అది ముందు చెప్తాను.

మనం మాట్లాడేటప్పుడు అంకెను వస్తువుకు ముందూ పెడతాం, వెనకా పెడతాం. మీ సార్ మొదట "స్విచ్‌లు ఆరు సాకెట్లు రెండు" అన్నారు, అక్కడ అంకె వెనక ఉంది. వెంటనే "నాలుగేసి స్విచ్‌లు ఒక్కో సాకెట్టు" అన్నారు, ఇక్కడ ముందుకొచ్చింది. వాయిస్ టైపింగ్‌తో రాయిస్తే కామాలు రావు కాబట్టి మొదటి ముక్కను "ఆరు సాకెట్లు" అని చదివేసే ప్రమాదం ఉంది, అలా చదివితే సాకెట్లు 2 కాస్తా 6 అయిపోతాయి. పట్టుకోవడం తేలికే. తప్పుగా జతచేస్తే వరసలో ఒక చివర అంకె లేని వస్తువు, ఇంకో చివర వస్తువు లేని అంకె మిగిలిపోతాయి. ఇక్కడ "ఆరు సాకెట్లు" అనుకుంటే మొదటి "స్విచ్‌లు"కి అంకె ఉండదు, చివర "రెండు" ఒంటరిగా మిగులుతుంది. అలా మిగిలిందంటే ఆ ముక్క మళ్ళీ విని, ఆయన ఎక్కడ ఆగారో చూడాలి. ఆగిన చోటే లైను తెగాలి.

రెండోది "నాలుగేసి". ఇది 4 కాదు, రెండు గదులకి 8. వాయిస్ టైపింగ్ నాకు చాలాసార్లు దీన్ని "నాలుగు వేసి" అని రాసిచ్చింది, అప్పుడు గుణించాలన్న సంగతే కనపడదు. "ఒక్కో సాకెట్టు" కూడా అంతే, 1 కాదు 2.

ఫైనల్_మాట

ఇంత ఎందుకు బ్రదర్, ఒకే రూలు పెట్టుకోండి: ఒక వస్తువుకి రెండు అంకెలు వినపడితే చివర చెప్పిందే లెక్క. మనిషి ఆలోచించుకుంటూ మాట్లాడతాడు కాబట్టి చివరి మాటే ఫైనల్. నల్ల వైరు రెండన్నారు, తర్వాత ఒకటన్నారు, కాబట్టి ఒకటి. "నాలుగైదు" అంటే పెద్ద అంకె తీసుకోండి, ఐదు. మిగిలితే మిగులుతుంది, తక్కువైతే మళ్ళీ తిరగాలి. నేను ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాను.

స్టోర్_పద్దు

నల్ల వైరు వరకు మీ మాట కరెక్టే. కానీ అదే రూలు హాలు స్విచ్‌లకి పెట్టి చూడండి. మొదట ఆరు, చివర రెండు. చివరిదే ఫైనల్ అంటే హాలుకి 2 స్విచ్‌లే తెస్తారు. అక్కడ ఆయన "ఇంకో రెండు" అన్నారు, అది దిద్దడం కాదు, కలపడం. కాబట్టి 8. "కాదు", "వద్దు", "చాలు", "అది తీసెయ్" లాంటి మాట ఉంటేనే పాత అంకె కొట్టెయ్యాలి. "ఇంకో", "ఇంకా", "కూడా" ఉంటే కలపాలి. ఏ మాటా లేకుండా అదే వస్తువు రెండోసారి వస్తే మనమే తేల్చకూడదు, అడగాలి.

"నాలుగైదు" గురించి కూడా నేను ఒప్పుకోను. టేపు కాబట్టి ఐదు తెచ్చినా నష్టం లేదు. అదే ఖరీదైన వస్తువైతే? లిస్టులో "4-5" అని అలాగే ఉంచండి. ఆయన చెప్పింది ఏది, మనం అనుకుంది ఏది అన్నది లిస్టు చూస్తేనే తెలియాలి.

ఫైనల్_మాట

"ఇంకో" సంగతి ఒప్పుకుంటున్నాను, అది నేను గమనించలేదు. కానీ 4-5 అని రాసుకుని షాపులో నిలబడితే మళ్ళీ ఆలోచించాల్సిందేగా. లిస్టు రాసేదే ఆలోచన అక్కడితో అయిపోవాలని. ఒకే అంకె ఉండాలి, దీని మీద నా మాట మార్చను.

బడి_ట్రిప్పు

నేను టీచర్‌నండీ. పిల్లల్ని ట్రిప్పుకి తీసుకెళ్ళేటప్పుడు మా హెడ్మాస్టర్ గారు కూడా ఇలాగే వాయిస్ పంపిస్తారు. ఆయన చెప్పిన వరసలోనే రాసుకుంటాను, అసలు గ్రూపులే పెట్టను. ఎందుకంటే ఒకసారి గ్రూపులు పెట్టబోయి ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ రాయాలో తోచక, తర్వాత చూద్దామని వదిలేశాను, అది లిస్టులోకి రానేలేదు. బస్సెక్కాక ఒక పాప మోకాలు కొట్టుకుపోయింది, దూది కూడా లేదు. అప్పట్నుంచి ఆయన ఏ వరసలో చెప్తే ఆ వరసే. మీకు కూడా రికార్డింగ్‌ని నెమ్మదిగా ప్లే చేసే యాప్ దొరికితే సరిపోతుంది కదా?

స్టోర్_పద్దు

మేడం, ఆయన అడిగింది వినే యాప్ గురించి కాదు, రాసే పద్ధతి గురించి. కానీ మీకు జరిగింది ఇక్కడ బాగా పనికొస్తుంది. గ్రూపు దొరకని వస్తువే జారిపోతుంది. అందుకే నేను రెండు విడతల్లో చేస్తాను. మొదట చెప్పిన వరసలోనే, చెప్పిన మాటల్లోనే, లైనుకి ఒకటి చొప్పున రాసేసి లైన్లు లెక్కపెడతాను. ఈ నోట్‌లో 13 వస్తాయి: హాలు స్విచ్‌లు, హాలు సాకెట్లు, బెడ్‌రూము స్విచ్‌లు, బెడ్‌రూము సాకెట్లు, ఎర్ర వైరు, నల్ల వైరు, నల్ల వైరు దిద్దినది, పచ్చ వైరు, టేపులు, స్క్రూలు, ఇంకో రెండు స్విచ్‌లు, టెస్టర్, క్లిప్పులు. తర్వాత గ్రూపుల్లోకి మార్చేటప్పుడు ఒక్కో లైనూ కొట్టేస్తూ వెళ్తాను. 13 కొట్టేసేదాకా పని అవ్వనట్టే. ఎక్కడా ఇమడని దానికి "ఇతరాలు" అని గ్రూపు ఉంటుంది, దాన్ని ఖాళీగా ఉన్నా తియ్యను.

కటింగ్_ప్లయర్

అందరూ అంకెలే చూస్తున్నారు, "ఇంట్లో ఒకటుంది" అన్నది ఎవరూ పట్టించుకోలేదు. నల్ల వైరు రెండు చుట్టలు కావాలన్నది మారలేదు. ఒకటి కొనాలి, ఒకటి ఇంటి నుంచి పట్టుకెళ్ళాలి. లిస్టులో "నల్లది 1" అని రాసి ఊరుకుంటే షాపు పని సక్రమంగా అవుతుంది, మర్నాడు సైటులో పైపులోకి వైరు లాగుతుండగా సగంలో అయిపోతుంది. నాకు ఇలా జరిగింది, అరపూట పోయింది.

టెస్టర్ కూడా అంతే. "తీసుకురా" అంటే కొనుక్కురమ్మనా, ఉన్నదాన్ని పట్టుకురమ్మనా? ఎలక్ట్రీషియన్ దగ్గర టెస్టర్ ఉండకుండా ఉండదు కాబట్టి నేనైతే పట్టుకెళ్ళేవాటిలో రాస్తాను, అయినా ఒక మాట అడుగుతాను. కాబట్టి గదుల వారీనా వస్తువుల వారీనా అనేది తర్వాత, మొదటి గీత "కొనాలి", "ఉన్నది పట్టుకెళ్ళాలి" మధ్య పడాలి.

ఇంకొకటి, ఆయన వైరు మందం చెప్పలేదు. లైట్లకీ పెద్ద లోడు సాకెట్లకీ ఒకే మందం వాడరు, సన్నది తెచ్చి ఎక్కువ లోడు మీద వేస్తే వేడెక్కుతుంది. ఇలాంటిది ఊహించి రాయడం చాలా తప్పు.

స్టోర్_పద్దు

నిజమేనండీ, నల్ల వైరు విషయం నేను వదిలేశాను. "దిద్దారు, ఒకటి" అని లెక్క చూసుకుని ముందుకెళ్ళిపోయాను. మీరు చెప్పినట్టు మారిస్తే ఇలా వస్తుంది. అడగాల్సినవి పైనే పెట్టాను, బయల్దేరే ముందే కనపడాలి కాబట్టి:

```
## ముందు అడగాలి
- [ ] వైరు మందం ఎంత?
- [ ] బెడ్‌రూము సాకెట్లు కూడా చిన్నవేనా?
- [ ] స్క్రూల సైజు? క్లిప్పులు ఎన్ని?
- [ ] టెస్టర్ కొనాలా, ఉన్నదేనా?

## కొనాలి
- [ ] స్విచ్‌లు 16 = హాలు 6+2, బెడ్ 2×4
- [ ] సాకెట్లు 4 = హాలు 2 చిన్నవి, బెడ్ 2×1
- [ ] వైరు ఎర్రది 2 చుట్టలు
- [ ] వైరు నల్లది 1 చుట్ట
- [ ] వైరు పచ్చది 1 చుట్ట
- [ ] టేపులు 4-5
- [ ] స్క్రూలు 1 పాకెట్టు
- [ ] క్లిప్పులు ?

## ఇంటి నుంచి
- [ ] వైరు నల్లది 1 చుట్ట
- [ ] టెస్టర్ ?

## ఇతరాలు
```

గ్రూపు పేర్ల ముందు టిక్ గడి పెట్టలేదు, కావాలనే. నేను వాడిన ఒక నోట్స్ యాప్‌లో పేరు మీద టిక్ పెడితే కింద ఉన్నవన్నీ టిక్ అయిపోయేవి. వేలు తగిలి గ్రూపంతా అయిపోయినట్టు కనపడి, రెండు వస్తువులు కొనకుండానే వచ్చేశాను.

కటింగ్_ప్లయర్

స్విచ్‌లు 16 అని ఒకే లైను పెట్టారు. షాపులో 10 మాత్రమే ఉంటే ఏం చేస్తారు? టిక్ పెడితే అబద్ధం, పెట్టకపోతే అసలు కొననట్టు కనపడుతుంది. అందుకే నేను హాలు 8, బెడ్ 8 అని రెండు లైన్లు రాస్తాను. గదిలో పని మొదలుపెట్టొచ్చా లేదా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

స్టోర్_పద్దు

10 దొరికితే ఆ లైన్లో 16ని 10 చేసి టిక్ పెట్టి, కింద "స్విచ్‌లు 6, మిగిలినవి" అని కొత్త లైను వేస్తాను. గదుల వారీగా విడగొడితే షాపులో రెండుసార్లు లెక్కపెట్టించాలి, పైగా ఒకే వస్తువు రెండు చోట్ల ఉంటే ఒక దాన్ని చూసి రెండోదీ అయిపోయిందనుకుంటాం.

కటింగ్_ప్లయర్

కొత్త లైను వెయ్యడం చేతి నిండా సామానుతో కుదరదు. మీరు స్టోర్‌లో కూర్చుని రాస్తారు, నేను నిచ్చెన మీదుండి చూసుకుంటాను. నాకు గదుల లెక్కే కావాలి.

కొత్త_హెల్పర్

అందరికీ థాంక్సండీ. ఆ నాలుగు ప్రశ్నలూ సార్‌కి పంపాను. స్క్రూల సైజు, క్లిప్పుల లెక్క చెప్పారు. టెస్టర్ ఆయన దగ్గరే ఉందట, నేను కొనబోయేవాణ్ణి. బెడ్‌రూముల్లో ఒకదానికి మాత్రం సాకెట్టు పెద్దది కావాలన్నారు, కాబట్టి చిన్నవి 3, పెద్దది 1, ఆ లైనుని రెండుగా విడగొట్టాను. వైరు మందం సాకెట్ల సైజుని బట్టి మళ్ళీ చెప్తానన్నారు, ఇంకా చెప్పలేదు, అందుకే వైరు లైన్లు మూడూ అలాగే ఆపి పెట్టాను. స్విచ్‌లు ఈసారికి 16 అని ఒకే లైన్లో రాశాను, అన్నీ దొరక్కపోతే ఎలా ఉంటుందో రేపు షాపుకి వెళ్ళొచ్చాక చెప్తాను.

ఫైనల్_మాట

మరి టేపులు ఎన్ని తెమ్మన్నారు?

కొత్త_హెల్పర్

అది అడగడం మర్చిపోయానండీ. 4-5 అనే ఉంది.